కొటేషన్ గుర్తులు లేని మూడో అధ్యాయం

మా ఆయనకు పక్షవాతం వచ్చేనాటికి ఆయన థీసిస్ రాయడం పూర్తయింది. సమర్పించడమే మిగిలింది. మెదక్‌లో కాలేజీలో చరిత్ర చెప్పేవారు. ఉద్యోగం చేసుకుంటూనే హైదరాబాదులో పీహెచ్‌డీకి నమోదు చేసుకుని, నిజాం కాలం నుంచి మా జిల్లాలో జరుగుతున్న వారపు అంగళ్ల మీద, అందులోనూ పశువుల అంగళ్ల మీద ఏళ్లతరబడి పని చేశారు. సెలవురోజు వస్తే చేగుంటకో శంకరంపేటకో బస్సెక్కేవారు. ముసలివాళ్ల పక్కన కూచుని మాట్లాడించి, చీకటి పడే వేళకు పేడ అంటిన చెప్పులతో ఇంటికి వచ్చేవారు. ట్రాక్టర్లు వచ్చాక అంగళ్లు చిన్నవైపోతున్నాయని, తాను రాయకపోతే ఇక రాసేవాళ్లు ఉండరని ఆయన దిగులు.

దవాఖానలో ఉన్నన్నాళ్లూ థీసిస్ మాటే నాకు గుర్తు రాలేదు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయి, కొద్దికొద్దిగా తిరిగి వచ్చింది. ఎదుటివాళ్లు చెప్పేది అర్థమయ్యేది. చదవబోతే మాత్రం అక్షరాలు నిలబడటం లేదనేవారు. పాత విషయాలు కొన్ని అలాగే ఉన్నాయి, కొన్ని మొత్తంగా తుడిచిపెట్టుకు పోయాయి. ఏది ఉందో ఏది పోయిందో అడిగితే తప్ప తెలిసేది కాదు.

ఇంటికి వచ్చాక ఒకరోజు ఆయన గైడు ఫోన్ చేశారు. ఆయన పెద్దాయన, రిటైర్మెంట్‌కు దగ్గర పడ్డారు. ఆరోగ్యం అడిగి, కొంచెం ఆగి, రిజిస్ట్రేషన్ గడువు ఇక పొడిగించరని, ఇదే ఆఖరని చెప్పారు. యూనివర్సిటీలో కొత్త నియమం కూడా వచ్చిందన్నారు. థీసిస్ ఇచ్చే ముందు ఫైలును లైబ్రరీలో కంప్యూటరుకు చూపించాలి. ఎక్కడెక్కడి రాతలతో ఎంత కలుస్తోందో అది లెక్క తీసి రిపోర్టు ఇస్తుంది. హద్దు దాటితే తీసుకోరు. నేను స్పీకరు పెట్టాను. మా ఆయన విని ఎడమచేత్తో మంచంకోడు తట్టారు. ఇవ్వాలనే ఆయన ఉద్దేశం.

నేను ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. తెలుగు మీడియంలో చదువుకున్నదాన్ని. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, రాయమంటే జంకు. ఆ థీసిస్ మొత్తం ఇంగ్లీషులో ఉంది. అప్పటికి దాన్ని నేను ఒక్కసారి కూడా పూర్తిగా చదవలేదు. కంప్యూటర్లో ఉన్నదంతా పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఆయన దగ్గర మా అత్త కూతుర్ని కూచోబెట్టి, నర్సాపూర్ మీదుగా హైదరాబాదు బస్సెక్కాను.

లైబ్రరీలో ఆ పని చూసే ఆమె నా ఈడుదే. ఫైలు తీసుకుని సాయంత్రానికి రిపోర్టు చేతికిచ్చింది. పేజీల నిండా ఎరుపు, నీలం, ఆకుపచ్చ. పైన వేసిన శాతం సగానికి దగ్గరగా ఉంది. ఇంత మనిషి ఇన్నేళ్లు తిరిగి తిరిగి రాసింది సగం ఎవరిదోనా అనిపించింది.

ఆమె నా ముఖం చూసి కుర్చీ జరిపింది.

"పరేషాన్ గాకుండ్రి మేడం. మీరు మొత్తం పుస్తకం దెచ్చి పెట్టిండ్రు. మాకు అధ్యాయాలే కావాలె."

ఆ తరువాత ఓపికగా పేజీలు తిప్పి చూపించింది. ముందున్న సర్టిఫికెట్లు, డిక్లరేషన్ అన్ని థీసిసుల్లో ఒకేలా ఉంటాయి, కాబట్టి అవన్నీ ఎర్రబడతాయి. గ్రంథసూచి కూడా అంతే. పుస్తకం పేరు, రచయిత పేరు ఎవరు రాసినా ఒక్కటే కదా. గ్రంథసూచిని వదిలేయమని మిషన్‌కు చెప్పే వీలుంది. కానీ అది మామూలు శీర్షికతో విడిగా కనబడితేనే పోల్చుకుంటుంది. మా ఆయన ప్రతి అధ్యాయం చివరా వేరే పేరుతో ఒక జాబితా పెట్టుకున్నారు. మిషన్ దాన్ని మామూలు రాత అనుకుంది. అనుబంధాల్లో పాత ప్రభుత్వ ఉత్తర్వులు, అంగడి నిబంధనలు పూర్తి పాఠాలుగా ఉన్నాయి. అవి ఎక్కడో ఒకచోట ఉండనే ఉంటాయి. ఇవన్నీ తీసి, అధ్యాయాలు మాత్రం ఒకే ఫైలుగా చేసి తెమ్మంది. పూర్తి థీసిస్‌లో మాత్రం ఏదీ పోకూడదని, రెండు ఫైళ్లలో అధ్యాయాలు ఒక్క మాట తేడా లేకుండా ఉండాలని పదేపదే చెప్పింది.

కొటేషన్ల సంగతి ఆఖరున చెప్పింది. ఇతరుల మాటలు జంట గుర్తుల మధ్య ఉంటే వదిలేస్తుంది. మా ఆయన పాత పుస్తకాల పద్ధతిలో ఒంటి గుర్తులు పెట్టారు. వాటిని అది లెక్కలోకి తీసుకోలేదు. అసలు గుర్తులే లేనిచోట్లు కూడా చాలా ఉన్నాయంది. గొంతు కొంచెం తగ్గించి అంది ఆ మాట.

ఇంటికి వచ్చి బడి వదిలాక రోజూ కంప్యూటర్ ముందు కూచునేదాన్ని. కరెంటు ఉన్నంతసేపే పని. మొదట సర్టిఫికెట్లు, జాబితాలు, అనుబంధాలు తీసి వేరే ఫైల్లో పెట్టాను. అధ్యాయాల చివరి జాబితాలన్నీ కలిపి పూర్తి థీసిస్‌లో ఒకేచోట గ్రంథసూచిగా చేర్చాను. తరువాత ఒంటి గుర్తులన్నీ ఒక్కసారిగా జంట గుర్తులు చేయబోయాను. ఇంగ్లీషులో 'నిజాం యొక్క' అని రాయడానికి కూడా పైన అదే గుర్తు పెడతారు. నొక్కగానే అవి కూడా జంట గుర్తులయ్యాయి. ఎక్కడో మాట మధ్యలో కొటేషన్ మొదలై, రెండు పేరాలు దాటి ఇంకో మాట మధ్యలో ముగుస్తోంది. వెనక్కి తీసుకునేలోపు కరెంటు పోయింది. మళ్లీ తెరిస్తే అలాగే సేవ్ అయి ఉంది. పాత కాపీ పెన్‌డ్రైవ్‌లో ఉండబట్టి బతికాను. అక్కడినుంచి ఒక్కొక్క గుర్తూ చేత్తోనే మార్చాను.

బొమ్మలతో మరో తిప్పలు. అంగడి రశీదులు, ఉర్దూ పర్మిట్లు స్కాన్ చేసి మధ్యమధ్యన అతికించారు ఆయన. వాటి వల్ల ఫైలు లైబ్రరీ కంప్యూటర్‌లో తెరుచుకోవడానికే ఆపసోపాలు పడింది. చెకింగ్ ఫైల్లోంచి బొమ్మలు తీసి, కింద ఉన్న వివరణలు ఉంచాను. రెండుచోట్ల మాత్రం ఒక పాత రిపోర్టులోని పేజీలనే ఫోటోలుగా పెట్టారు. బొమ్మలోని అక్షరాలు మిషన్ చదవదు. అవి ఉత్త కొటేషన్లు కాబట్టి టైపు చేసి, గుర్తులు పెట్టి, పేజీ నంబరుతో ఎక్కడివో రాయాలని లైబ్రరీ ఆమె ముందే చెప్పింది. రెండు ఫైళ్లలోనూ అలాగే టైపు చేశాను.

ఆ రోజుల్లోనే ఆయనతో పనిచేసే లెక్చరరు ఒకాయన చూడటానికి వచ్చాడు. రిపోర్టు తిరగేసి, ఎర్రగా ఉన్న పేరాలు కూడా ఫోటోలు తీసి పెడితే అయిపోతుంది గదా అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, నా అవస్థ చూసి అన్నమాట అది. మా ఆయన తల అడ్డంగా ఊపారు. మాట వెతుక్కుని, "దొంగతనం," అన్నారు. ఆ మాట స్పష్టంగా వచ్చింది. వచ్చినాయన చాయ్ తాగి, వేరే సంగతులు మాట్లాడి వెళ్లాడు.

ఇదంతా చేత్తో అయ్యే పని. కష్టమో నష్టమో అయింది. గుర్తులే లేని చోట్లే నన్ను కూలదోశాయి.

ఆయన పుస్తకాల్లోంచి చీటీల మీద రాసుకుని, చీటీల నుంచి టైపు చేసి, టైపయ్యాక చీటీలు పారేసేవారు. రాసేటప్పుడు ఏది ఎవరిదో ఆయన తలలో ఉంది. చివర్లో కూచుని గుర్తులు పెడదామనుకున్నారేమో. మూడో అధ్యాయం అంగడి రోజు ఎలా గడుస్తుందో చెప్పేది. అందులో ఆయన చూసింది, విన్నది, చదివింది కలగలిసిపోయి ఉన్నాయి. రిపోర్టులో రంగు పడ్డ వాక్యాలకు పక్కన మూలం ఉంది కాబట్టి వాటికి గుర్తులు, ఆధారాలు రాయగలిగాను. రంగు పడనివి కూడా ఆయనవే అనడానికి లేదు. పాత పుస్తకాలు ఎన్ని కంప్యూటర్లోకి ఎక్కాయి కనుక. అక్కడ మిషన్ చేతులెత్తేసింది.

నాకు తోచిన దారి ఒకటే. సాయంత్రం ఆయన్ను కిటికీ దగ్గర కూచోబెట్టి ఒక్కొక్క పేరా ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పి, ఎవరిదని అడిగేదాన్ని. ఆయన కళ్లు మూసుకుని వినేవారు. "నాది" అనేవారు, లేదా "గాదు" అనేవారు. మొదట్లో ఆ రెండే. కాదన్నవాటికి ఏ పుస్తకమో అడిగితే ఒక్కోసారి అట్ట రంగు చెప్పేవారు. అలమారలో ఆ రంగు పుస్తకాలన్నీ తీసి వెతికేదాన్ని. కొన్ని దొరికాయి. దొరికిన రోజు ఇద్దరికీ అన్నం సయించేది. పోనుపోను మూడో జవాబు ఎక్కువైంది.

"ఎర్కలేదు."

ఎర్కలేదన్నవాటిని ఏం చేయాలో గైడును ఫోన్లో అడిగాను. అనుమానం ఉన్నవన్నీ కొటేషన్లలో పెట్టేస్తే గొడవ ఉండదు గదా సార్ అన్నాను. ఆయన వెంటనే వద్దన్నారు. ఆధారం లేని కొటేషన్ ఎవరు ఒప్పుకుంటారమ్మా అన్నారు. పైగా తన సొంత రాతను గుర్తుల్లో దాచి శాతం తగ్గించుకున్నాడని పేరొస్తుందన్నారు. అయితే మూలం ఉండాలి, లేకుంటే తనదై ఉండాలి, రెండూ కాకుంటే తీసెయ్యాలి. అంతకుమించి దారి లేదన్నారు.

మూడో అధ్యాయం చివర ఒక పేజీ ఉంది. సాయంత్రం అంగడి విరిగిపోతుండగా ఎవరెవరు ఎలా ఇంటిదారి పడతారో అందులో ఉంది. కొన్నవాళ్లు కొత్త పశువు వెంట తొందరగా నడుస్తారు. అమ్మినవాళ్లు ఆలస్యంగా బయలుదేరతారు. ఎద్దును అమ్మినా పగ్గం అమ్మరు. ఒకామె ఆ పగ్గాన్ని చుట్టి భుజాన వేసుకుని నడుస్తుంటుంది. అలవాటుకొద్దీ దారిలో నీళ్లు కనబడ్డచోటల్లా ఆగుతుంది. ఆగాక, వెనక తాగేది లేదని గుర్తొచ్చి కదులుతుంది. నాకు తెలిసిన కొద్ది ఇంగ్లీషుతోనే ఆ పేజీని రెండుసార్లు చదువుకున్నాను. రిపోర్టులో దానిమీద ఒక్క రంగు చుక్క లేదు.

చదివి, తెలుగులో చెప్పాను. ఆయన కళ్లు తెరిచారు.

"గాదు," అన్నారు.

"ఎవరిది మరి?"

"ఎర్కలేదు. నాది గాదు. మంచిగున్నది."

మంచిగా ఉంది కాబట్టి తనది కాదనే ఆయన ధోరణి. నేను పుస్తకాల్లో వెతకలేదు. ఎందుకంటే ఆ పగ్గం సంగతి నాకు తెలుసు. పెళ్లయిన కొత్తలో ఆయనే చెప్పారు. కరువొచ్చిన ఏడు వాళ్లమ్మ ఎద్దును అంగడికి తోలుకుపోయి, పగ్గం భుజాన వేసుకుని తిరిగి వచ్చిందట. చిన్నప్పుడు ఆమె వెంట నడిచింది ఈయనే. నీళ్ల దగ్గర ఆగినప్పుడల్లా ఎందుకాగుతున్నవే అని అడిగారట.

అదంతా చెప్పాను. కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆయన ఎడమచెయ్యి పట్టుకుని, ఏ గదిలో కూచుని చెప్పారో అది కూడా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. బంధువులింటి కష్టం చెబితే వినేవాళ్లలా విన్నారు.

"మా అమ్మనా?" అన్నారు.

"మీ అమ్మనే. జర యాద్ చేస్కోండ్రి."

చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. ఆ ముఖం మీద ప్రయత్నం కనబడుతోంది. తలుపు అవతల ఎవరో ఉన్నారని తెలిసి తాళం దొరకనివాళ్ల ముఖం అది. నేను చెప్పడం ఆపి ఉంటే బాగుండేదేమో. ఆపలేకపోయాను. ఆమె కట్టుకునే చీర రంగు, మా పెళ్లిలో ఆమె అన్న మాటలు, ఏవేవో చెబుతూ పోయాను. చివరికి ఆయన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నారు.

"నువ్వు జెప్తున్నవ్. నాకు యాదికి వస్తలేదు. నాది అని ఎట్ల పెడ్త?"

మర్నాడు బడి నుంచి గైడుకు ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను. ఆయన విని, "మ్యాచ్ గాలేదు, నీకు తెల్సు, నాకు తెల్సు. ఉండనియ్యమ్మా," అన్నారు. నేను చెప్పినట్టు కింద ఆధారంగా నా పేరు రాయొచ్చా అని అడిగాను. ఆయన నవ్వలేదు. రాయొచ్చు, కానీ వాళ్ల అమ్మ సంగతి ఆయన నీకు చెప్తే నువ్వు ఆయనకు ఆధారమెట్లయితవు, పరీక్షకులు అడిగితే ఎవరు జవాబు చెప్తరు అన్నారు.

గైడు ఉంచమన్నారని మా ఆయనకు చెప్పాను. ఒప్పుకోలేదు. ముందుపేజీల్లో డిక్లరేషన్ ఉంటుంది, ఇది నా సొంత రచన అని. దానికింద తాను సంతకం పెట్టాలి. ఎడమచేత్తో ఆ సంతకం నేర్చుకుంటున్నారు అప్పటికి. పలకమీద పిల్లలు దిద్దినట్టు దిద్దుతున్నారు. తెలియని దాని కింద పెట్టనని సైగతో, రెండు మూడు మాటలతో చెప్పారు. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. మీకు గుర్తులేకపోతే నాకుంది గదా అని గట్టిగా అన్నాను. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ జబ్బులో కన్నీళ్లు ఊరికే వస్తాయని డాక్టరు చెప్పాడు. ఊరికే వచ్చాయో లేదో నాకెలా తెలుస్తుంది?

రెండు రోజులు ఆ ఫైలు తెరవలేదు. మూడోరోజు ఆయన పక్కన కూచుని చూస్తుండగానే ఆ పేజీ తీసేశాను. దాంతోపాటు ఎర్కలేదన్నవన్నీ తీసేశాను. రెండు ఫైళ్లలోనూ. మధ్యమధ్యన తెగిపోయినచోట నా ఇంగ్లీషులో ఒకటి రెండు ముక్కలు కలపబోతే ఆయన వద్దన్నారు. అది నీది గదా అన్నారు. నిజమే. అధ్యాయం బస్సు గుంతల్లో పడి పోయినట్టు పోయింది అక్కడినుంచి.

తీసిన పేజీని విడిగా దాచుకోవాలనే ఆలోచన నాకు అప్పుడు తట్టలేదు. తరువాత పెన్‌డ్రైవ్ చూస్తే పాత కాపీ మీద కొత్తది ఎక్కించేసి ఉన్నాను. దవాఖాన చిట్టీల మధ్య ఎక్కడైనా ప్రింటు ఉంటుందేమోనని వెతికాను. లేదు. రంగుల రిపోర్టు ప్రింటులో కూడా ఆ పేజీ లేదు. రంగు పడ్డ పేజీలు మాత్రమే ప్రింటు తీసి ఇచ్చింది లైబ్రరీ ఆమె, కాగితం దండుగని. మొదట ఇచ్చిన ఫైలును కూడా వాళ్లు ఉంచుకోరట.

ఫైలు తయారయ్యేసరికి తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సులు నిలిచిపోయాయి. బళ్లు మూతపడ్డాయి. మేము టీచర్లం కూడా చౌరస్తాలో టెంటు కింద కూచునేవాళ్లం. తెలంగాణ వస్తే అన్నీ బాగుపడతాయని మైకులో చెబుతుంటే అందరితోపాటు చప్పట్లు కొట్టేదాన్ని. మనస్ఫూర్తిగానే కొట్టేదాన్ని. ఇంకోవైపు గడువు లోపల లైబ్రరీ తెరుస్తారో లేదోనని రోజులు లెక్కపెట్టుకునేదాన్ని. యూనివర్సిటీలోనే పిల్లలు గేట్లు మూయించారని పేపర్లో చదివి, ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. ఇటు తిట్టుకోవడానికి మనసొప్పదు, అటు ఊరుకోవడానికి వీల్లేదు.

చివరికి సమ్మె కారణంగా అందరికీ గడువు కొద్దిగా పెంచారు. బస్సులు తిరిగిన మొదటివారంలోనే వెళ్లాను. లైబ్రరీ ఆమె నన్ను గుర్తుపట్టింది. ఫైలు వేసి, నన్ను పక్కనే కూచోబెట్టుకుని చూసింది. శాతం హద్దుకు ఎంతో కిందికి వచ్చింది. రెండోసారి కూడా అక్కడక్కడా రంగు ఉంది. మామూలు పదబంధాలు, ఊళ్ల పేర్లు, ఉత్తర్వుల పేర్లు, అవి ఎవరికైనా ఉంటాయంది. కొటేషన్లన్నీ తెరిచి, మూసి, ఆధారంతో ఉన్నాయా అని ఒక అధ్యాయం తీసి చూసింది. మంచిగా చేసిండ్రు మేడం అంది. నేను మూడో అధ్యాయం ఎంత మిగిలిందో మాత్రమే చూస్తున్నాను.

ఆయన డిక్లరేషన్ కింద ఎడమచేత్తో సంతకం పెట్టారు. థీసిస్ ఇచ్చేశాం.

వైవా పరీక్షకు పిలుపు రావడానికి చాలాకాలం పట్టింది. అప్పటికి ఆయన కర్ర పట్టుకుని నడుస్తున్నారు. మాట మెల్లగా అయినా వస్తోంది. నన్ను లోపలికి రానిచ్చారు, వెనక వరుసలో కూచున్నాను. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు మర్యాదస్తుడు. చిన్నచిన్న ప్రశ్నలు వేసి, జవాబు వచ్చేదాకా ఓపిక పట్టాడు. అన్నీ బాగున్నాయని, డిగ్రీకి సిఫారసు చేస్తున్నానని చెప్పి, పుస్తకం మూయబోతూ ఒక మాటన్నాడు. మూడో అధ్యాయం కొంచెం పొడిగా ఉందట. సమాచారం ఉంది కానీ మనుషులు కనబడటం లేదట. పుస్తకంగా వేసేటప్పుడు చూసుకోమన్నాడు.

గైడు తల వంచుకున్నారు. నేను లేచి చెప్పొచ్చు. ఏమని చెప్పను? మా ఆయన మాత్రం శ్రద్ధగా తల ఊపి, "అవును సార్," అన్నారు.

తిరుగు బస్సులో నర్సాపూర్ అడవి దాటుతుండగా ఆయన నా వైపు తిరిగారు.

"మూడోదాంట్ల ఏముండె?" అని అడిగారు.

అంగళ్ల గురించి అని చెప్పాను. ఏ ఊరి అంగళ్లు, ఎట్లా జరిగేవి, ఒక్కొక్కటే చెబుతూ వచ్చాను. పొద్దున పశువులు రావడం, దళారులు గుడ్డ కింద వేళ్లు పట్టుకుని బేరం చేయడం, మధ్యాహ్నం గడ్డి అమ్మేవాళ్లు. సాయంత్రం దాకా వచ్చి ఆగాను. పక్క సీట్లో ఎవరో బఠాణీలు కొనుక్కుంటుంటే ఆయనకూ కావాలన్నారు. కొన్నాను. ఎడమచేత్తో ఒక్కొక్కటే తింటూ మెదక్ దాకా వచ్చారు. ఆ తరువాతి సంగతి అడగలేదు. నేనూ చెప్పలేదు.